మోయినా మెట్టు దగ్గర మూడు శాతమే: మేడ మీది శక్తి పిరమిడ్

మేడ మీది టబ్బుల్లో నాచును మోయినా అనే చిన్న నీటి జీవులు, వాటిని గప్పీ చేప పిల్లలు తింటాయి; ఒక్కో మెట్టు నుంచి పై మెట్టుకు ఎంత శక్తి చేరుతోందో లెక్కిస్తున్నాను. గప్పీ పిల్లల మెట్టు ఈసారి చక్కగా కుదిరింది: వారంలో తిన్న 8.4 కిలోజౌళ్ల మోయినాకు 0.25 గ్రాముల బరువు పెరిగాయి, గ్రాము పచ్చి చేపకు 5 కిలోజౌళ్ల లెక్కన అది 1.25 కిలోజౌళ్లు, అంటే దాదాపు 15 శాతం. విసిగిస్తున్నది దాని కింది మెట్టు. చెన్నైలో కత్తిరి ఎండలు మొదలైనప్పటి నుంచి, నాచు పెరిగిన గ్రీన్ వాటర్ నుంచి మోయినాకు చేరుతున్న శక్తి 3 శాతం దాటడం లేదు.

రోజూ 20 లీటర్ల గ్రీన్ వాటర్ మోయినా టబ్బులో పోస్తున్నాను. లీటరుకు 0.1 గ్రాము ఎండు నాచు ఉంటోంది కనుక 2 గ్రాములు, గ్రాముకు 20 కిలోజౌళ్ల చొప్పున 40 కిలోజౌళ్లు. వలతో తీసే మోయినా రోజుకు 0.6 గ్రాములు, అందులో పదోవంతే ఎండు పదార్థం కాబట్టి 0.06 గ్రాములు, అంటే 1.2 కిలోజౌళ్లు. 1.2ను 40తో భాగిస్తే 3 శాతం. నాచు తూకానికి కాఫీ ఫిల్టర్ కాగితం వాడేవారున్నారు గాని, క్లోరెల్లా అనే ఈ నాచు కణాలు దాని గుండా జారిపోతాయి. వాట్‌మన్ జీఎఫ్/సీ గాజుపీచు ఫిల్టర్ ఖరీదైనదే అయినా ఈ పనికి అదే తగినది.

3 శాతం అన్న ఒక్క అంకె చూస్తే శక్తి ఎక్కడ పోతోందో తెలియదు. మోయినా నాచులో ఎంత తిన్నది, తిన్నదానిలో ఎంత శరీరంగా మారింది అన్నవి విడివిడిగా చూడాలి. మరునాడు టబ్బు నీటిలో తేలుతూ 0.8 గ్రాముల నాచు మిగిలింది. అడుగున సైఫన్‌తో తీసి ఎండబెట్టిన మడ్డి 0.5 గ్రాములు తూగింది. ఆ మడ్డి అంతా మోయినా విసర్జనే అయితే అవి 1.2 గ్రాములు తిన్నట్టు, అంతా తినకుండా అడుగుకు దిగిన నాచే అయితే 0.7 గ్రాములే తిన్నట్టు. తేల్చడానికి అదే నీటిని మోయినా లేని బకెట్లో పక్కనే ఉంచి చూశాను. అందులోనూ దాదాపు అంతే మడ్డి దిగింది, నాచు మొత్తం మాత్రం పెద్దగా పెరగలేదు. మైక్రోస్కోపు కింద టబ్బు మడ్డిలోనూ చెక్కుచెదరని పచ్చటి గుండ్రని కణాలే ఎక్కువ, గోధుమ రంగు ఉండలు తక్కువ. కాబట్టి తిన్నది 0.7 గ్రాములు, 14 కిలోజౌళ్లు, 35 శాతం అనుకుంటున్నాను. అందులో 1.2 మాత్రమే మోయినాగా మారింది, అంటే 8.6 శాతం. 35 శాతంలో 8.6 శాతం కడితే మళ్లీ 3 శాతమే వస్తుంది.

పోలికకు ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ మీద హోవర్డ్ ఓడమ్ 1957లో ప్రచురించిన లెక్క తీసుకున్నాను. అక్కడ చదరపు మీటరుకు ఏడాదికి మొక్కల నికర ఉత్పత్తి 8,833 కిలోకేలరీలు. శాకాహారులు ఒంటబట్టించుకున్నది 3,368, శ్వాసక్రియ ఖర్చు పోగా మిగిలినది 1,478. మొదటి వాటా 38.1 శాతం, రెండోది 43.9, రెండూ కలిసి 16.7 శాతం. అయితే వారి మొదటి అంకె జీర్ణమైన శక్తిది, నాది తిన్న శక్తిది. నా మోయినా తిన్నదానిలో సగం ఒంటబట్టిందనుకున్నా 7 కిలోజౌళ్లలో 1.2 మాత్రమే మిగిలింది, అంటే 17 శాతం. తక్కిన 5.8 కిలోజౌళ్లు శ్వాసక్రియకే పోతున్నాయన్నమాట.

నా అనుమానం వేడి మీదే. మధ్యాహ్నం టబ్బు నీరు 35 డిగ్రీలకు చేరుతోంది. పది డిగ్రీలు పెరిగితే శ్వాసక్రియ సుమారు రెట్టింపవుతుందన్న లెక్కన, 27 డిగ్రీల కన్నా 35 వద్ద ఆ ఖర్చు 1.74 రెట్లు. అంటే 27 వద్ద 5.8కి బదులు 3.3 కిలోజౌళ్లే ఖర్చయి, 3.7 మిగిలి, సామర్థ్యం 9 శాతానికి చేరాలి. నీరు రోజంతా వేడిగా ఉండదు కనుక లాభం అంత రాదు. షేడ్ నెట్ కట్టి నీటిని 31 డిగ్రీల దగ్గర ఆపగా పంట 0.9 గ్రాములకు, సామర్థ్యం 4.5 శాతానికి పెరిగింది. మిగతా కొరతకు కారణం కిక్కిరిసిన జనాభా కావచ్చు. చాలా ఆడ మోయినాల వీపు మీద జీను ఆకారపు నల్లటి గుడ్డు కవచాలు కనిపిస్తున్నాయి. ఆ గుడ్లు అప్పటికప్పుడు పిల్లలు కావు కనుక పంటకు కలిసిరావు.

చెన్నై కొళత్తూరులోని అలంకార చేపల దుకాణాల్లో చాలామంది బ్రెడ్ ఈస్ట్ వేయమంటారు. పంట పెరుగుతుంది గాని, బయటి నుంచి వచ్చిన ఆ శక్తిని కింది మెట్టులో కలపకపోతే పిరమిడ్ లెక్కకు అర్థం ఉండదు.

ఈ మెట్టు ఎంత ఖరీదైనదో వెనుక నుంచి లెక్కిస్తే తెలుస్తుంది. ఒక గ్రాము చేప పెరగాలంటే 5 కిలోజౌళ్లు, 15 శాతం వద్ద 33 కిలోజౌళ్ల మోయినా కావాలి. దానికి 3 శాతం వద్ద 1,111 కిలోజౌళ్ల నాచు, అంటే 556 లీటర్ల గ్రీన్ వాటర్ అవసరం, 4.5 శాతం వద్ద 370 లీటర్లు, పుస్తకాల్లోని 10 శాతం వద్ద 167 లీటర్లు చాలు. ఇక రెండు టబ్బులు పక్కపక్కనే పెట్టి, ఒకదానిలో రోజూ నాలుగో వంతు మోయినాను తీసి, రెండోదానిలో వారానికోసారి తీసి, జీను గుడ్లు ఎందులో తగ్గుతాయో చూడాలనుకుంటున్నాను. నాచు అడుగుకు దిగకుండా రెండింటిలోనూ రాత్రిపూట మెల్లగా గాలి బుడగలు వదులుతాను.