428 షిబుయా స్క్రాంబుల్: మధ్యాహ్నం ఒంటి గంట దాకా వచ్చాను

కథ చదువుతూ మధ్యమధ్యలో ఏం చేయాలో మనమే ఎంచుకునే గేమ్‌ని విజువల్ నవల అంటారు; జపాన్‌లో 2008లో వచ్చిన ఈ విజువల్ నవల 2018లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది, నేను చదువుతున్నది గేమ్‌లు అమ్మే స్టీమ్‌లోని ఆ ఇంగ్లిష్ వెర్షనే. టోక్యోలోని షిబుయాలో ఒకమ్మాయి కిడ్నాప్ అవుతుంది, అక్కడి నుంచి ఐదుగురి కథలు ఒకే రోజున, పొద్దున పది నుంచి గంట గంటగా నడుస్తాయి. ఐదుగురి గంటా పూర్తయితే తప్ప తర్వాతి గంట తెరుచుకోదు.

ఇందులో ఛాయిస్‌లు ఎలా పనిచేస్తాయో ముందే తెలిస్తే చాలా టైమ్ మిగులుతుంది. ఒకరి కథలో మీరు ఎంచుకున్నదాని దెబ్బ ఇంకొకరి కథలో తగులుతుంది. కానో అనే డిటెక్టివ్ కథ బ్యాడ్ ఎండింగ్‌కి వెళ్లిందంటే తప్పు కానోదే కానక్కర్లేదు, అచి అనే కుర్రాడు అదే గంటలో తీసుకున్న నిర్ణయం వల్ల కావచ్చు. బ్యాడ్ ఎండింగ్ తర్వాత వచ్చే హింట్ చదివి, టైమ్ చార్ట్‌లో వెనక్కి వెళ్లి అది మార్చాలి. KEEP OUT అని పడి కథ ఆగిపోతే మాత్రం ఛాయిస్‌లు మార్చి లాభం లేదు, మిగతావాళ్ల కథల్లో ఎర్ర అక్షరాల మాట ఎక్కడుందో వెతికి అక్కడి నుంచి దూకాలి.

ఇక అనువాదం సంగతి. జపనీస్ రాకపోయినా అనువాదంలో తప్పులు పట్టుకోవడానికి మొదటి పరీక్షని ఈ కథే చూపిస్తుంది, ఎందుకంటే ఒకే సంఘటన ఇద్దరి కళ్లతో వస్తుంది. షిబుయా స్టేషన్ ముందున్న హాచికో కుక్క విగ్రహం దగ్గర డబ్బు పెట్టెతో నిలబడ్డ, కిడ్నాపైన అమ్మాయి కవల సోదరి హితోమిని కానో దూరం నుంచి కాపలా కాస్తుంటాడు, అచి దగ్గరకెళ్లి మాట్లాడతాడు. ఇలాంటి చోట ఒకే వస్తువుకి రెండు కథల్లో రెండు పేర్లు వస్తే, ఒకే మాట రెండు రకాలుగా వినిపిస్తే, మిస్టరీ చదివేవాడు దాన్ని క్లూ అనుకుని మోసపోతాడు. ఇప్పటిదాకా నాకు అలాంటిది తగల్లేదు. గొంతులు కూడా వేరుగానే ఉన్నాయి: జర్నలిస్టు మినోరికావా అరిచినట్టు, శాస్త్రవేత్త ఒసావా ముడుచుకున్నట్టు మాట్లాడతారు.

రెండో పరీక్ష ఏ మిస్టరీకైనా పనికొస్తుంది. జపనీస్‌లో కర్త చెప్పకుండానే వాక్యం నడుస్తుంది, క్రియని బట్టి ఆడో మగో తెలియదు; మనం "పారిపోయాడు" అనగానే సగం గుట్టు బయటపడుతుంది. మంచి అనువాదకుడు అనుమానితుడు ఎవరో తేలేదాకా వాక్యాన్ని తిప్పి రాస్తాడు, తొందరపడ్డవాడు ఒక చోట మగవాడిగా, ఇంకో చోట ఆడమనిషిగా రాసేస్తాడు.

భాష సాఫీగా ఉంటే సరిపోదు. 1994 నాటి కమాయిటాచి నో యోరు అనే మిస్టరీ విజువల్ నవల 2014లో ఇంగ్లిష్‌లో వచ్చినప్పుడు కథనే కెనడాకి మార్చి, మనుషుల పేర్లూ మార్చేశారు. అది హాయిగా చదువుకునేలానే ఉండేది, కానీ జపాన్ కథ కావాలనుకున్నవాళ్లు ఏ గేమైనా కొనే ముందే స్క్రీన్‌షాట్లలో పేర్లు చూసుకోవాలి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడితే డబ్బు వెనక్కి అడగొచ్చు కాబట్టి, మొదటిసారి కూర్చున్నప్పుడే కానో, అచి కథల్ని పక్కపక్కన చదవండి.