‘వచ్చి నా’ వేరు, ‘వచ్చినా’ వేరు: నాన్న నోటుబుక్కు టైపు చేయించిన నా అనుభవం

నాన్నగారు రాసుకున్న జ్ఞాపకాలను సంవత్సరీకానికి పుస్తకంగా పంచాలనుకున్నాను. స్కానింగ్ ఒక్క పూటలో అయిపోయింది. టైపింగ్ గుంటూరులోనే ఒక డీటీపీ షాపుకిచ్చాను.

వాళ్లు నోటుబుక్కులో వరుస ఆగిన ప్రతిచోటా ఎంటర్ కొట్టి, చివర్లో అన్నీ ఒకేసారి తీసేశారు. అంతకుముందే వరుస చివరి అడ్డగీతలను, వాటి పక్కనున్న ఎంటర్‌తో సహా, వర్డ్‌లో ఇలా వెతికి చెరిపేశారు:

```
-^p
```

నాన్న ‘1952-’ అని ఒక వరుసలో, ‘53’ అని కింది వరుసలో రాశారు. అది ‘195253’ అయింది. అడగకుండా అలా చెరిపేయడం నాకిప్పటికీ కోపమే. మాట విరిగినందుకు పెట్టిన గీత పోవాలి, సంవత్సరాల మధ్య గీత ఉండాలి. ఆ తేడా మనిషి చూడాల్సిందే.

అసలు దెబ్బ గీత లేనిచోట తగిలింది. చేత్తో రాసేటప్పుడు మనలో చాలామందిలాగే నాన్న కూడా చోటు అయిపోతే మాటను గుర్తేమీ పెట్టకుండా విరిచేసేవారు. అందువల్ల వరుస చివర మాట ముగిసిందో, విరిగిందో చూడగానే తెలియదు. అతుక్కుపోయిన మాటలను నేనే కూర్చుని విడదీశాను. ఒకటి మాత్రం నా కంటపడలేదు. ‘మేనమామ వచ్చి’ దగ్గర వరుస అయిపోయింది. కింద ‘నా పుస్తకాలు కొనలేదని బాధపడ్డాడు’ అని ఉంది. అచ్చులో ‘మేనమామ వచ్చినా పుస్తకాలు కొనలేదని బాధపడ్డాడు’ అని వచ్చింది. అదీ సరైన తెలుగే కాబట్టి చదువుతుంటే ఎక్కడా తట్టలేదు. పిల్లవాడికి పుస్తకాలు లేవని బాధపడ్డ మనిషి, ఇంటికొచ్చి కూడా కొననివాడైపోయాడు. సంవత్సరీకం రోజు ఆ మేనమామ కొడుకు అందరి ముందూ ఆ వాక్యం పైకి చదివి, పుస్తకం అక్కడే పెట్టి, భోజనం చేయకుండా వెళ్లిపోయారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మళ్లీ మొదటినుంచి నేనే టైపు చేశాను. ఈసారి వరుస ఆగిన ప్రతిచోటా | గుర్తు పెట్టి, ఒక్కొక్కటీ స్కాన్‌తో పోల్చాకే తీశాను. అనుమానం ఉన్నచోట వాక్యాన్ని కలిపి ఒకసారి, విడదీసి ఒకసారి పైకి చదివాను. రెండూ కుదిరితే ముందువెనకల కథ చూడాలి. ఇక్కడ తర్వాతి పేజీలోనే ‘మామయ్య మర్నాడు పుస్తకాలు తెచ్చాడు’ అని ఉంది.

పేరాల పని తేలికే. షాపువాళ్లు పేజీ మారిన ప్రతిచోటా కొత్త పేరా చేశారు. నాన్న కొత్త పేరాను ఎప్పుడూ బొటనవేలంత జరిపి మొదలుపెట్టేవారు. పేజీ మొదట ఆ ఖాళీ లేకపోతే, పై పేజీ చివర చుక్క ఉన్నా పేరా కొనసాగుతున్నట్టే లెక్క. చివరి వరుస సగంలో ఆగి, కింది పేజీలో ఖాళీ కూడా లేని చోట్లు రెండు వచ్చాయి. వాటిని అర్థం చూసి కలిపాను.

దిద్దిన పేజీ, స్కాన్ పక్కపక్కన పెట్టి ఆ మేనమామ కొడుక్కి వాట్సాప్‌లో పంపాను. రాత్రి ఫోన్ చేసి, “అది మీ నాన్న దస్తూరియేరా” అన్నారు. ఆదివారం పుస్తకం పట్టుకుని రమ్మన్నారు.