ఏరేటర్ మోటారు కాలిపోయాక రీవైండింగ్ షాపులో నాకు అర్థమైన అయస్కాంత క్షేత్రం

మాది విడవలూరు పక్క. వెనామీ రొయ్యల గుంటలు, గుంటకు చక్రాలతో నీళ్లు చిమ్మి గాలి కలిపే ఏరేటర్లు నాలుగు, ఒక్కోదానికి 2 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు. మొన్న ఎండల్లో వాటిలో ఒకటి రాత్రిపూట కాలిపోయింది. కాపలా ఉన్న ఆయన చెప్పింది విని నాకు విచిత్రంగా అనిపించింది. "శబ్దం మారింది అబ్బయా, మూలుగుతా ఉంది, కానీ చక్రం తిరుగుతానే ఉంది, అందుకే నేను ఆపలా" అన్నాడు. తిరుగుతున్న మోటారు ఎందుకు కాలుతుంది? ఫేజ్ పోతే ఆపేసే ప్రివెంటర్ ఉంది, స్టార్టర్‌లో కరెంటు ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే ఉంది, రెండూ కదల్లేదు.

మోటారు విప్పి నెల్లూరులో రీవైండింగ్ షాపుకి తీసుకెళ్లా. మేస్త్రీ మూత తీసి లోపల చూసి, నేను ఒక్క మాట చెప్పకముందే "ఒక ఫేజ్ పోయింది దీనికి" అన్నాడు. ఎట్టా తెలిసిందంటే కాయిల్స్ చూపించాడు. మూడింట రెండు వంతులు బొగ్గయిపోయాయి, మిగతా వంతు మాత్రం కొత్త రాగి రంగులోనే ఉంది. మా మోటారు స్టార్ కనెక్షన్, అంటే మూడు ఫేజుల కాయిల్స్ ఒక చివర ఒకేచోట కలుస్తాయి. అందులో ఒక ఫేజ్ తెగితే కరెంటు మిగతా రెండు ఫేజుల కాయిల్స్‌లోనే పోతుంది, అవే కాలతాయి. కాయిల్స్ త్రికోణంగా ఒకదానికొకటి కలిపే డెల్టా అయితే తిరగేసి ఉంటుందట, ఒక ఫేజ్ కాయిల్స్ కాలి రెండు బాగుంటాయి. మోటారు మీద లోడు ఎక్కువై కాలితే మూడూ సమానంగా నల్లబడతాయి.

కాలిన తీగ కోసి, చుట్లు లెక్కపెట్టి, స్లాట్లలో కాగితం మార్చి కొత్త తీగ చుట్టడానికి టైమ్ పడుతుంది కదా, నేను అక్కడే కూర్చుని అడుగుతా పోయా. నాకు ముందు నుంచీ ఉన్న అనుమానం ఒకటుంది. మధ్యలో తిరిగే రోటర్‌కి ఒక్క తీగ కూడా పోదు. అది ఇనుప రేకుల దిమ్మ, లోపల అల్యూమినియం కడ్డీలు, రెండు చివర్లా ఆ కడ్డీలన్నిటినీ కలిపే రింగులు, అంతే. కరెంటు ఇచ్చేది బయట ఉండే స్టేటర్‌కి. రెంటికీ మధ్య మిల్లీమీటరు కూడా లేని ఖాళీ. మరి ముట్టుకోకుండా తిప్పేది ఏంది?

ఆ ఖాళీలో ఉండేదే అయస్కాంత క్షేత్రం. తీగలో కరెంటు పోతే దాని చుట్టూ ఉన్న చోటికి ఒక గుణం వస్తుంది, ఆ చోట ఇంకో అయస్కాంతమో, కరెంటు పోయే ఇంకో తీగో ఉంటే దాని మీద తోపు పడుతుంది. కంటికి కనపడదు, దిక్సూచి ముల్లు కదిలితేనే తెలుస్తుంది. 1820లో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ అనే ఆయన పట్టుకుంది అదే, తీగలో కరెంటు ఇవ్వగానే పక్కనున్న దిక్సూచి ముల్లు పక్కకు తిరిగింది. తీగని కాయిల్‌గా చుట్టి ఇనుము మధ్య పెడితే ఆ బలం పోగవుతుంది. దిక్సూచిని తిప్పే భూమి క్షేత్రం కంటే మోటారు ఖాళీలో ఉండేది వేల రెట్లు ఎక్కువ.

ఇంతవరకూ స్కూల్లో విన్నదే. నాకు కొత్తగా తెలిసింది, ఆ క్షేత్రం ఒకచోట నిలబడదు, తిరుగుతుంది అని. మూడు ఫేజుల్లో కరెంటు ఒకేసారి పెరగదు, ఒకదాని తర్వాత ఒకటి, సెకనులో 150వ వంతు తేడాతో పెరిగి తగ్గుతుంది. మూడు ఫేజుల కాయిల్స్ కూడా చుట్టూ వరసగా పక్కపక్కన సర్ది ఉంటాయి. దాంతో బలమైన చోటు ఒక కాయిల్ దగ్గర నుంచి పక్క కాయిల్ దగ్గరికి జరుగుతా పోతుంది. తిరునాళ్లలో సీరియల్ బల్బులు చూడండి, బల్బు ఏదీ కదలదు, వెలుగు మాత్రం పరిగెత్తుతుంది.

కొత్త వైండింగ్ అయ్యాక మేస్త్రీ దీన్ని చూపించాడు. రోటర్ పెట్టకుండా, ఖాళీ స్టేటర్‌లో బేరింగు ఉక్కు గోళీ ఒకటి వేసి, వోల్టేజీ బాగా తగ్గించి మూడు ఫేజులూ ఇచ్చాడు. గోళీ దానంతట అదే లోపలి గోడ చుట్టూ గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఒక ఫేజ్ తీగ తీసేసి, గోళీని ఆపి మళ్లీ కరెంటు ఇస్తే ఉన్నచోటే వణుకుతా నిలబడింది. (ఫుల్ వోల్టేజీతో ఇది ఎవరూ ఇంట్లో చేయొద్దు, రోటర్ లేని స్టేటర్ కాసేపట్లో కాలిపోతుంది.)

మాది నాలుగు పోల్స్ మోటారు, 50 హెర్ట్జ్ కరెంటు మీద క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. మోటారు ప్లేటు మీద మాత్రం 1440 అని ఉంటుంది. ఆ 60 చుట్ల తేడా తయారీ లోపం అనుకునేవాణ్ణి, అసలు కిటుకే అక్కడుంది. క్షేత్రం ముందుకు పోతా రోటర్ కడ్డీలను దాటుతుంది కాబట్టే వాటిలో కరెంటు పుడుతుంది. ఆ కరెంటు మీద క్షేత్రం తోపు పెడుతుంది, రోటర్ వెంటపడుతుంది. ఒకవేళ రోటర్ కూడా సరిగ్గా 1500 అందుకుంటే కడ్డీల్ని దాటేది ఏమీ ఉండదు, కరెంటు పుట్టదు, తోపు ఉండదు, మళ్లీ వెనకపడుతుంది. అంటే అది ఎప్పటికీ అందుకోలేదు, అందుకోలేదు కాబట్టే తిరుగుతా ఉంటుంది. చక్రాల మీద లోడు పెరిగితే ఇంకొంచెం వెనకపడుతుంది, కడ్డీల్లో కరెంటు పెరుగుతుంది, తోపూ పెరుగుతుంది. మనం చేసేది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. ఒక ఫేజ్ తెగితే తిరిగే క్షేత్రం పోయి, ఒకే గీత మీద అటూ ఇటూ మారే క్షేత్రం మిగులుతుంది. ఆగి ఉన్న రోటర్‌ని అది ఏ పక్కకీ తిప్పలేదు, ఊరికే మూలుగుతుంది. అప్పటికే తిరిగే రోటర్‌ని మాత్రం, తిరిగే పక్కకే తోస్తా ఉంటుంది. అందుకే చక్రం ఆగలేదు. కానీ మూడు తీగలు మోసే పని రెండు మోయాలి. మామూలుగా తీగకి 3.3 ఆంపియర్లు తీసుకునే మోటారు, సుమారు 5.6 తీసుకుంటుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ కాయిల్స్‌లో దాదాపు మూడు రెట్లు.

మరి రిలే? మాకు నాలుగు మోటార్లకీ కలిపి ఒకటే స్టార్టర్. నాలుగూ కలిస్తే 13.2 ఆంపియర్లు, రిలే 15 మీద సెట్ చేసి ఉంది. ఒకటి 5.6కి పోయినా మొత్తం 15.5 దగ్గరే ఆగింది, అంత చిన్న తేడాకి, వేడికి రేకు వంగి పనిచేసే బైమెటల్ రిలే కదలదు. ప్రివెంటర్ చూసేది పైనుంచి వచ్చే లైనుని, అక్కడ మూడు ఫేజులూ బాగానే ఉన్నాయి. తెగింది దాని తర్వాత, గుంట గట్టు మీద పెట్టెలో జాయింటు దగ్గర. ఉప్పు గాలికి రాగి పచ్చబడి రాలిపోయింది.

మోటారు తెచ్చి బిగించాక క్లాంప్ మీటరుతో మూడు తీగలూ విడివిడిగా చూశా, 3.2, 3.3, 3.2 వచ్చాయి. మూడూ దగ్గర దగ్గరగా ఉండటమే ముఖ్యం, ఒకటి సున్నా చూపిస్తే వెంటనే ఆపేయాలి. ఒక్కో మోటారుకి విడిగా రిలే పెట్టించి 3.3 మీద సెట్ చేయించా, ఖర్చయింది కానీ రీవైండింగ్ కంటే తక్కువే. జాయింట్లన్నీ లగ్గులు వేసి మార్పించా.

ఇంకొకటి, తర్వాత మా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లైను పని జరిగింది, కరెంటు రాగానే నాలుగు ఏరేటర్లూ ఉల్టా తిరిగి నీళ్లని గట్టు మీదికి కొట్టాయి. పైన రెండు ఫేజులు అటూ ఇటూ మారాయి, క్షేత్రం తిరిగే వరస మారింది, అంతే. స్టార్టర్ దగ్గర మెయిన్ ఆపి, ఏవైనా రెండు తీగలు మార్చి బిగిస్తే సరిపోయింది.