ఆఫర్ లెటర్ ముందా, అనుమతి ముందా?

"పని చేసే అనుమతి ఇప్పటికి మీ దగ్గర లేనప్పుడు ఈ ఇంటర్న్‌షిప్‌కు ఎందుకు దరఖాస్తు చేశారు?" అని, అమెరికాలో చదువుకుంటూ నేను దరఖాస్తు పెట్టిన ఒక కంపెనీలో నియామకాలు చూసే ఆవిడ ఏప్రిల్ నెలలో ఫోన్ చేసి అడిగారు. ఆవిడ గొంతులో కోపమేమీ లేదు. అయినా ఇంటర్వ్యూలన్నీ బాగా జరిగి, మేనేజరు కూడా సంతృప్తిగా మాట్లాడిన తర్వాత వచ్చిన ఆ ప్రశ్న నన్ను గట్టిగానే తాకింది. అనంతపురంలో పెరిగినవాడికి, ఆఫీసులో కూర్చున్నవారు "కాగితం లేకుండా ఎందుకొచ్చావు" అన్నాక ఇక మాట్లాడేదేమీ ఉండదు. ఫైలు చంకన పెట్టుకుని మెట్లు దిగి, ఆ కాగితం సంపాదించుకుని మళ్లీ వెళ్లాలి. మరొకసారి అడిగితే విసిగిస్తున్నామని అనుకుంటారేమోనన్న జంకు మనకు ఉగ్గుపాలతోనే వస్తుంది. అవసరమైతే తెలిసినవారి చేత ఒక మాట చెప్పిస్తాం గానీ, మనమే కూర్చుని మన పరిస్థితిని తేదీలతో సహా రాసి పంపే అలవాటు మనకు లేదు.

కానీ ఇక్కడ చెప్పించడానికి నాకెవరూ లేరు. అంతకంటే ముఖ్యంగా, ఆవిడ అడిగిన కాగితం ముందుగా సంపాదించుకునే దారే లేదు. ఆ రోజే వివరంగా రాసి పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ ఉత్తరంలో ఏం రాశానో, ఎందుకలా రాశానో మన జిల్లాల నుంచి వచ్చే విద్యార్థులకు పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

ఎఫ్-1 వీసా మీద చదివే విద్యార్థి చదువు మధ్యలో బయటి కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేయడానికి సాధారణంగా ఉపయోగపడేది సీపీటీ అనే అనుమతి. చదువు పూర్తయ్యాక చేసే ఉద్యోగానికి ఉపయోగపడేది ఓపీటీ అనే అనుమతి. ఈ రెండింటికీ పేర్లు దగ్గరగా ఉన్నా పని చేసే తీరు పూర్తిగా వేరు. ఓపీటీకి విద్యార్థి ఇమ్మిగ్రేషన్ శాఖకు ఐ-765 దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, పని అనుమతి కార్డు కోసం ఎదురుచూడాలి. ఆ దరఖాస్తు పెట్టడానికి ఉద్యోగం చేతిలో ఉండనక్కరలేదు, వచ్చిన కార్డు ఏదో ఒక్క కంపెనీకి కట్టుబడి కూడా ఉండదు. సీపీటీ అలా కాదు. దానిని ఇచ్చేది విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయమే. అక్కడి అధికారి విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు సెవిస్‌లో నమోదు చేసి, విద్యార్థి అర్హత పత్రమైన ఐ-20ని కొత్తగా ఇస్తారు. ఆ ఐ-20 రెండో పేజీలో కంపెనీ పేరు, పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, పూర్తికాలమా పాక్షికమా అన్నదీ అచ్చై ఉంటాయి. కంపెనీ పేరుతోనే అనుమతి పుడుతుంది కనుక, కంపెనీ ఆఫర్ లెటర్ ఇవ్వకముందు ఆ అనుమతి ఉండటం సాధ్యం కాదు. నియామకాలు చూసేవారిలో చాలామంది కార్డు పట్టుకుని వచ్చే ఓపీటీ అభ్యర్థులను చూసి ఉంటారు కాబట్టి, కార్డు లేని విద్యార్థి కనబడితే అర్హత లేనివాడని అనుకోవడం సహజం. నా మనసు నొచ్చుకున్న మాట నిజమే గానీ, ఆవిడ ప్రశ్నలో దురుద్దేశం లేదని తర్వాత నిదానంగా ఆలోచిస్తే అర్థమైంది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మా నాయనతో ఈ సంగతి చెప్పాను. "కాగితం చేతిలో లేకుండా పనెట్లిస్తారప్పా? వాళ్లడిగిందాంట్లో తప్పేముంది?" అన్నారాయన. నేను ఆయనకు మా బ్యాంకు లోను గుర్తుచేశాను. డబ్బు చూపిస్తే తప్ప విశ్వవిద్యాలయం ఐ-20 ఇవ్వనంది. బ్యాంకేమో వీసా వచ్చేదాకా డబ్బు విడుదల చేయనంది. చివరికి బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్ చూపిస్తే ఐ-20 వచ్చింది, దానితో వీసా వచ్చింది, ఆ తర్వాతే డబ్బు కదిలింది. "అయితే ఈసారి శాంక్షన్ లెటర్ లాంటిది కంపెనీవాళ్లే ముందియ్యాల. ఆ మాట వాళ్లకు తెలీకపోతే నువ్వే చెప్పాల గదా" అన్నారు నాయన. అదే నేను రాయవలసిన ఉత్తరం.

నన్ను ఇప్పటికీ బాధించేది అసలు దరఖాస్తు ఫారమే. "ఈ దేశంలో పని చేయడానికి మీకు చట్టబద్ధమైన అనుమతి ఉందా?" అని అడిగి, అవును, కాదు అని రెండే గడులు పెడతారు. ఏ తేదీకి అన్నది చెప్పుకోవడానికి గడి ఉండదు. ఆ రోజుకు నా ఐ-20 మీద ఏ కంపెనీ పేరూ లేదు కాబట్టి నేను కాదని పెట్టాను. ఆ కింద, "ఇప్పుడు గానీ భవిష్యత్తులో గానీ మీకు స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా?" అని ఇంకొక ప్రశ్న ఉంటుంది. స్పాన్సర్‌షిప్ అంటే ఉద్యోగ వీసా కోసం కంపెనీయే మన తరఫున దరఖాస్తు పెట్టడం. ఇంటర్న్‌షిప్‌కు అది అక్కరలేదు. కానీ ఓపీటీ గడువు ముగిశాక ఇక్కడే ఉద్యోగంలో కొనసాగాలంటే నాలాంటివాడికి హెచ్-1బీ ఉద్యోగ వీసా వంటిది కావాలి. భవిష్యత్తు అని అడిగారు కనుక అవునని పెట్టాను. ఇక్కడ కాదని పెట్టేస్తే మొదటి వడపోత దాటుతావని మనవాళ్లే కొందరు సలహా ఇస్తారు. నేను దానికి ఒప్పుకోలేదు. తర్వాత అదే కంపెనీలో పూర్తి ఉద్యోగం అడిగే రోజు వస్తే, ఆ రోజు నా మొదటి జవాబే నాకు అడ్డు నిలబడుతుంది.

ఉత్తరం ఇంగ్లీషులో రాశాను. దాని సారం ఇది: "నేను ఎఫ్-1 విద్యార్థిని. మే 8 నాటికి రెండు సెమిస్టర్లు, అంటే ఒక పూర్తి విద్యా సంవత్సరం ముగుస్తుంది కనుక ఈ వేసవికి సీపీటీకి అర్హుణ్ణి. మీ ఆఫర్ లెటర్ అందిన తర్వాతే మా విశ్వవిద్యాలయం అనుమతి ఇవ్వగలదు. అందుకే ఈ రోజు అది నా వద్ద లేదు. దీనికి మీరు ఏ దరఖాస్తూ పెట్టనక్కరలేదు, ఏ ఫీజూ కట్టనక్కరలేదు. జూన్ 1 సోమవారం పని మొదలుపెట్టాలంటే, మే 1లోగా నాకు లెటర్ అందాలి. దరఖాస్తులో భవిష్యత్తు స్పాన్సర్‌షిప్ గురించి నేను అవునని పెట్టిన జవాబు ఈ ఇంటర్న్‌షిప్‌కు వర్తించదు."

ఆ మే 1 అనే తేదీని నేను ఊహించి రాయలేదు, జూన్ 1 నుంచి వెనక్కు లెక్క కట్టాను. మే 25 సోమవారం మెమోరియల్ డే సెలవు కనుక, ఆ ముందు శుక్రవారం మే 22కే కొత్త ఐ-20 చేతికి వస్తే నిశ్చింతగా ఉంటుంది. మా కార్యాలయం పూర్తి దరఖాస్తు అందాక పది పనిదినాలు తీసుకుంటుంది. కాబట్టి మే 8కే దరఖాస్తు పెట్టాలి. దానికి ముందు, ఇంటర్న్‌షిప్ మా పాఠ్యక్రమంలో భాగమని డిపార్ట్‌మెంటు సలహాదారు సంతకం చేయాలి, నేను వేసవిలో ఒక క్రెడిట్ ఇంటర్న్‌షిప్ కోర్సులో నమోదు కావాలి. వీటికి ఒక వారం. ఈ గడువులు ఒక్కో విశ్వవిద్యాలయంలో ఒక్కో రకంగా ఉంటాయి కనుక నా తేదీలను ఎవరూ నకలు చేయకూడదు. వెనక్కు లెక్కించే పద్ధతి మాత్రం అందరికీ ఒకటే.

అర్హత మాటకు వస్తే, ఆగస్టులో చేరినవారికి మే నాటికి విద్యా సంవత్సరం నిండుతుంది. జనవరిలో చేరినవారికి ఆ తొలి వేసవికి ఒక్క సెమిస్టరే అయి ఉంటుంది కాబట్టి, దరఖాస్తులు మొదలుపెట్టకముందే తమ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. పూర్తికాల సీపీటీ పన్నెండు నెలలు లేదా అంతకు మించి వాడితే ఆ డిగ్రీ స్థాయిలో ఓపీటీ పోతుంది. పన్నెండు వారాల వేసవి పనితో ఆ ప్రమాదం లేదు.

మరునాడు మధ్యాహ్నానికే ఆవిడ జవాబు ఇచ్చారు. నా పేరు పక్కన పెట్టేశామని, ఈ వివరం చూశాక తిరిగి మేనేజరుకు పంపామని రాస్తూ, లెటర్‌లో ఏయే విషయాలు ఉండాలో కూడా అడిగారు. కంపెనీ పేరు, నేను పని చేసే చోటి చిరునామా, మొదటి తేదీ, చివరి తేదీ, వారానికి ఎన్ని గంటలు, చేయవలసిన పని వివరం, పై అధికారి పేరు ఉండాలని రాశాను. ఒకసారి పక్కన పెట్టిన ఫైలును మన దగ్గర అంత సులువుగా ఎవరు తిరిగి తీస్తారు? ఆవిడ నాకు ఏమీ కాదు, ఎవరి సిఫారసూ ఆవిడకు అందలేదు. మన ఊళ్లో ఇలాంటి చోట నాకు టీ ఇచ్చి, మా నాయన క్షేమం అడిగి ఉండేవారు. ఇక్కడ ఆ పలకరింపు లేదు. అయినా ఒక్క ఉత్తరం చదివి తన నిర్ణయాన్ని మార్చుకున్న ఆ గుణాన్ని నేను ఇంకా తలచుకుంటూనే ఉన్నాను.

లెటర్ ఏప్రిల్ చివరిలో వచ్చింది. చదివితే, కొత్తవారికి మే 28, 29 తేదీల్లో శిక్షణ అని, దానికి జీతం కూడా ఇస్తామని ఉంది. పని మొదలయ్యే తేదీ మాత్రం జూన్ 1 అని ఉంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. శిక్షణ అన్నా, పరిచయ కార్యక్రమం అన్నా, అది ఉద్యోగంలో భాగమే; ఐ-20 మీద ఉన్న తేదీకి ఒక్క రోజు ముందు చేసినా అనుమతి లేని పని కిందికే వస్తుంది, వీసా హోదాకే ముప్పు. అందువల్ల, మొదటి తేదీని మే 28గా మార్చి లెటర్ ఇస్తారా, లేక శిక్షణను జూన్ 1 తర్వాతకు జరుపుతారా అని వెంటనే రాశాను. వారు శిక్షణను జరిపారు.

కొత్త ఐ-20 వచ్చాక దానితో, పాస్‌పోర్టుతో, దేశంలోకి ప్రవేశించినప్పటి రికార్డైన ఐ-94తో, జీతం, పన్నుల లెక్కలకు కావలసిన సోషల్ సెక్యూరిటీ నంబరు కోసం ఆ కార్యాలయానికి వెళ్లాను. పని మొదలయ్యే తేదీకి ముప్ఫై రోజులకంటే ముందు వెళితే అక్కడ దరఖాస్తు తీసుకోరు. నంబరు రావడం ఆలస్యమైనా పని మొదలుపెట్టవచ్చు; ఈ సంగతి కూడా కంపెనీకి ముందే రాసి ఉంచడం మంచిది. మొదటి రోజుకల్లా, పని చేసే అర్హతను ధ్రువీకరించే ఐ-9 ఫారంలో నా భాగం నింపాలి, కంపెనీ తన భాగాన్ని మూడు పనిదినాల్లో ముగించాలి. అప్పుడు చూపవలసినవీ ఆ మూడు కాగితాలే: పాస్‌పోర్టు, ఐ-94, సీపీటీ వివరం ఉన్న ఐ-20.

నా ఐ-20 మీద చివరి తేదీ ఆగస్టు 21. పని బాగుంది కాబట్టి ఇంకొక వారం ఉండమని మేనేజరు అడిగితే, నోటిమాటతో ఉండిపోకూడదు. సవరించిన లెటర్ తీసుకుని, 21వ తేదీ దాటకముందే పొడిగించిన ఐ-20 చేతికి తెచ్చుకోవాలి. రాకపోతే ఆ శుక్రవారం సాయంత్రమే లాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి.