చార్టర్డ్ సభ్యత్వానికి వృత్తి సారాంశం: ఒక తవ్వకం, ఒక నిర్ణయం

బ్రిటన్‌లో చార్టర్డ్ ఇంజనీరు హోదాకు దరఖాస్తు చేసే మనవాళ్లు తమ వృత్తి సారాంశాన్ని నాకు చూపిస్తుంటారు. చాలావాటిలో ప్రాజెక్టుల పేర్లు, వాటి విలువ, బృందం పరిమాణం వరుసగా ఉంటాయి కానీ, ఆ మనిషి స్వయంగా ఏం నిర్ణయించాడో కనిపించదు. పెద్దల ముందు సొంత గొప్ప చెప్పుకోకూడదన్న పెంపకం వల్ల మనం ప్రతిదీ "మా బృందం చేసింది" అని రాస్తాం. కానీ ఇంజనీరింగ్ కౌన్సిల్ వారి యూకే-స్పెక్ అనే ప్రమాణపత్రం ప్రకారం పరిజ్ఞానం, డిజైను, బాధ్యత, సంభాషణ, వృత్తి నిబద్ధత అనే ఐదు విభాగాల్లో సమీక్షకులు తూచేది దరఖాస్తుదారుడినే.

నా సారాంశంలో నేను ఎంచుకున్నది ఒక బేస్‌మెంట్ తవ్వకం. మొదట "షీట్ పైల్ గోడ పర్యవేక్షణకు బాధ్యత వహించాను" అని రాసుకున్న వాక్యాన్ని కొట్టేసి, దాని స్థానంలో ఇలా రాశాను:

"తవ్వకం ఇంకా 1.5 మీటర్లు మిగిలి ఉండగానే గోడ కదలిక 22 మి.మీ.కు చేరి, 20 మి.మీ. హెచ్చరిక స్థాయిని దాటింది. పని ఆపాల్సిన స్థాయి 30 మి.మీ. ఇంక్లినోమీటరు రీడింగు గోడ అడుగు కదలలేదన్న ఊహ మీద ఆధారపడుతుంది కనుక, ముందుగా గోడ పైభాగాన్ని టోటల్ స్టేషన్‌తో కొలిపించి కదలిక నిజమేనని నిర్ధారించుకున్నాను. గోడ వెనుక పీజోమీటర్లలో నీటిమట్టం డిజైనులో అనుకున్నదానికంటే ఎక్కువగా ఉంది. ఆ మట్టంతో లెక్కలు తిరిగి చేసి, గోడకు ఆనుకొని మట్టి గట్టును వదిలి, దాన్ని చిన్న చిన్న భాగాలుగా తవ్వుతూ వెంటనే స్లాబు వేయాలని ప్రతిపాదించాను. అదనపు ప్రాపుల వరుస గోడను మరింత బిగువుగా నిలిపేదే అయినా, యంత్రాలకు దారి మూసేసి, తవ్విన భాగం స్లాబు లేకుండా ఎక్కువకాలం ఉండేలా చేసేది. తవ్వకాన్ని ఆపించడం నా అధికారంలోనిదే కనుక వెంటనే ఆపించాను. డిజైను మార్పును మాత్రం ప్రధాన డిజైనరు ఆమోదించాకే అమలు చేయించాను. కదలిక 26 మి.మీ. దగ్గర నిలిచింది."

ఇందులో అధికార పరిమితి చెప్పిన వాక్యాన్ని తీసేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు, అది నన్ను తక్కువ చేస్తుందని. నేను ఒప్పుకోలేదు. ఏది తన చేతిలో ఉందో, ఏది పైవారికి అప్పగించాలో తెలియని ఇంజనీరుకు ప్రజల భద్రతను అప్పగించడం కష్టం. వద్దనుకున్న ప్రత్యామ్నాయాన్ని కారణంతో సహా రాయడం కూడా అంతే అవసరం, ఎందుకంటే విచక్షణ కనబడేది అక్కడే. ఇంటర్వ్యూలో సమీక్షకులు ఎక్కువసేపు అడిగింది కూడా ప్రాపులను వద్దనుకోవడం గురించే: నీటిమట్టం మరో మీటరు పెరిగి ఉంటే మట్టి గట్టు సరిపోయేదా, సరిపోదని ఏ రీడింగు చూసి గుర్తించేవాడినని.