వాచీ 39 చూపినప్పుడు నా గుండె వేగం ఎంత?

వైరల్ జ్వరం తరువాత గుండె కండరానికి వాపు వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరిన వారంలోనే నేను స్మార్ట్‌వాచ్ కొనుక్కున్నాను. కదలకుండా ఉన్న పది నిమిషాల పాటు గుండె వేగం నిమిషానికి 120 దాటినా, 40 కంటే తగ్గినా అది హెచ్చరిస్తుంది. ఆ హద్దులు నాకు చాలవనిపించి, భయంతో వాటిని 100కీ 50కీ మార్చాను.

ఆ వారమంతా నిద్ర లేదు. అదనపు స్పందనలను అదుపు చేయడానికి వాడుతున్న మెటోప్రొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, నిద్రలో ఆ వేగం మరికాస్త తగ్గుతుంది. కాబట్టి దాదాపు ప్రతి రాత్రీ వాచీ మోగేది. ఏడు రాత్రుల అంకెలు రాసి చూపిస్తే, నిద్రలో 44 నుంచి 48 మధ్య ఉందని, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం లేనందున అది మందు ప్రభావమేనని డాక్టరుగారు చెప్పారు. ఆయన సలహాతో కింది హద్దును 40కి దించాను. పగటి విశ్రాంతిలో 70 దగ్గర ఉండే వేగం కాస్త ఒళ్లు వెచ్చబడినా 104కి చేరేది కనుక పై హద్దును మళ్లీ 120 చేశాను.

ఆ తరువాత కూడా అప్పుడప్పుడు మోగింది. వాచీ ఉన్న చేతిని తల కింద పెట్టుకుని పడుకున్న రాత్రుల గ్రాఫులో వేగం నెమ్మదిగా దిగకుండా 60 నుంచి ఒక్కసారిగా 38కి పడి, మధ్యలో ఖాళీలు వదిలి, మళ్లీ పైకి లేచేది. అది సెన్సర్ చర్మానికి సరిగా ఆనకపోవడం. పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, జారకుండా కట్టుకున్నాక ఆ మోత ఆగింది.

అందుకే, ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని ఉండగా 39 అని హెచ్చరిక వచ్చినప్పుడు అదీ తప్పుడుదేననుకున్నాను. పట్టీ బిగించినా అంకె మారలేదు. మణికట్టు నాడిని నేనే అర నిమిషం లెక్కపెడితే 20 వచ్చింది. గుండెలో మాత్రం దడదడగా ఉంది. వెంటనే వెళితే, డాక్టరుగారు స్టెతస్కోప్‌తో విని 78 అన్నారు!

ఈసీజీలో కారణం కనిపించింది. ప్రతి మామూలు స్పందన వెంటనే ఒక తొందరపాటు స్పందన వస్తోంది. అప్పటికి గుండె గది రక్తంతో పూర్తిగా నిండదు కాబట్టి ఆ రెండో దెబ్బ మణికట్టు దాకా చేరదు. వాచీ కాంతితో చూసేది చర్మం కింది రక్తప్రవాహాన్నే, నా వేళ్లకు తెలిసేదీ అదే. ఇద్దరమూ సగమే లెక్కపెట్టాం. వాచీ అంకెను నమ్మి మందు మానేసి ఉంటే, ఆ అదనపు స్పందనలు పెరిగేవేమో. డాక్టరుగారు మందు ఆపలేదు, 24 గంటల పాటు ఆగకుండా ఈసీజీని నమోదు చేసే హోల్టర్ పరీక్ష రాశారు. మూడు నెలలకు ఆ స్పందనలు చాలావరకు తగ్గాయి.

ఇప్పటికీ హద్దులు 40, 120 మీదే ఉన్నాయి. పగలు, మెలకువగా ఉండగా తక్కువ వేగం హెచ్చరిక వస్తే మాత్రం పట్టీ సరిచూసి, వాచీలోనే ఈసీజీ తీసి, అంకెతో పాటు ఆ గీతనూ డాక్టరుగారికి పంపుతున్నాను.