వాసుదేవ్, మాధవ్ పోయి పరాంకుశం, జోజి వచ్చిన కథ

నా డిటెక్టివ్ సిరీస్ మొదటి నవల రాతప్రతి పూర్తయ్యాక మొదట చదివింది మా పిన్ని. చిన్నప్పటి నుంచి అపరాధ పరిశోధన నవలలు చదువుతూ పెరిగిన మనిషి. ఆవిడకి నచ్చితే చాలనుకున్నాను. మూడో అధ్యాయం మధ్యలో కాగితాలు పక్కన పెట్టి, "ఇంతకీ ఆ గది తలుపు తీసింది ఎవర్రా? వాసుదేవా, మాధవా?" అని అడిగింది. కథకి ప్రాణం ఆ తలుపే. తీసింది డిటెక్టివ్ వాసుదేవ్. బయట నిలబడ్డది అసిస్టెంట్ మాధవ్. అది తారుమారైతే చివర్లో విప్పే ముడి అర్థమే కాదు.

సరిగ్గా చదవలేదేమో అనుకున్నాను. కానీ ఆవిడ అదే పేజీని పైకి చదువుతుంటే రెండు చోట్ల వాసుదేవ్ బదులు మాధవ్ అని చదివింది. అప్పుడు తెలిసింది, తప్పు పేర్లలోనే ఉందని.

ఆ పేర్లు పెట్టేటప్పుడు నేను చూసుకున్నది ఒక్కటే. ఒకటి పెద్దది, ఇంకోటి చిన్నది. తేడా అంటే అంతే అనుకున్నాను. ఆ రాత్రి రెండు పేర్లూ పెద్ద అక్షరాలతో కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని చూశాను. మొదటి అక్షరాలు వా, మా. రెండింట్లోనూ అదే దీర్ఘం. పైగా మన లిపిలో 'వ'కీ 'మ'కీ పోలిక ఎక్కువ, చిన్న అచ్చులో వేగంగా చదివే కన్ను ఆ తేడాని పట్టుకోదు. చివర్లు దేవ్, ధవ్. రెండూ దంత్యంతో మొదలై 'వ్' అనే పొల్లుతో ఆగుతాయి. అంటే రెండు పేర్లకీ తల ఒకటే, తోక ఒకటే. మధ్యలో ఒక్క 'సు' మాత్రం తేడా. మనం పేరుని అక్షరం అక్షరం చదవం. మొదలూ చివరా చూసి మిగతాది పోల్చుకుంటాం. పైగా రెండూ విష్ణువు పేర్లే, అర్థం వైపు నుంచి కూడా పట్టు దొరకదు.

మర్నాడు పిన్నిని అడిగాను, "నీకు గుర్తున్న డిటెక్టివ్ జంట ఎవరు పిన్నీ?" అని. క్షణం ఆలోచించకుండా "యుగంధర్, రాజు" అంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన ఆ జంట ఎన్నేళ్లయినా ఆవిడ నాలుక మీద అలాగే ఉంది. ఆ రెండు పేర్లనీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. యుగంధర్ లఘువుతో మొదలై రెండు గురువుల మీద నిలబడుతుంది, పొల్లుతో ముగుస్తుంది. రాజు గురువుతో మొదలై లఘువుతో తేలిపోతుంది, అచ్చుతో ముగుస్తుంది. ఒకటి బరువెక్కుతూ ఆగే పేరు, ఇంకోటి బరువు దించుకునే పేరు. ఒకటి అరుదు, ఒకటి వీధికి ఇద్దరికి ఉండేది. మొదటి అక్షరం గానీ చివరి అక్షరం గానీ రెండింటికీ ఉమ్మడిగా లేదు. నాకు కావలసిన తేడా ఇదీ అనిపించింది.

అప్పుడు నా రాతప్రతిలో ఒక్కో పేరూ ఎక్కడెక్కడ వస్తోందో చూశాను. ఇది ముందే చేసి ఉండాల్సిన పని. అసిస్టెంటు హీరోని "సార్" అంటాడు తప్ప పేరు పెట్టి పిలవడు. హీరో మాత్రం అసిస్టెంటుని పేరుతోనే పిలుస్తాడు. అందువల్ల హీరో పేరు ఎక్కువగా కథనంలో వస్తుంది, అసిస్టెంటు పేరు ఎక్కువగా మాటల్లో వస్తుంది. ఒకటి కంటితో చదివే పేరు, ఒకటి నోటితో పిలిచే పేరు. పిలిచే పేరు అచ్చుతో ముగిస్తే దాన్ని సాగదీయొచ్చు: "రాజూ!" అని చీకట్లో కేకేయొచ్చు. "మాధవ్!" అంటే కేక మధ్యలోనే తెగిపోతుంది. నా కథలో అసిస్టెంటు తప్పిపోయే సన్నివేశం ఒకటుంది. హీరో పిలుస్తూ వెతుకుతాడు. అది చదివినప్పుడల్లా ఎందుకో పేలవంగా ఉందనిపించేది. కారణం ఆ పొల్లే.

అసిస్టెంటుకి ముందు 'హరి' అనుకున్నాను. రెండు లఘువులు, తేలిక, "హరీ!" అని పిలవొచ్చు. ఆ పేరు నిలబడదని తేలడానికి ఒక్క పూట పట్టింది. కంప్యూటర్లో మాధవ్ తీసేసి హరి పెట్టాను. తర్వాత మనసు మార్చుకుని హరి స్థానంలో 'గోపి' పెట్టి చూద్దామని ఒకేసారి అన్నీ మార్చేశాను. విహరించాడు అన్నది 'విగోపించాడు' అయింది, పరిహరించు 'పరిగోపించు' అయింది. పాత కాపీ ఉంది కాబట్టి బతికిపోయాను. కానీ దానితో ఒక విషయం గట్టిగా తెలిసింది. ఇంగ్లీషులో పేరుకి పెద్ద అక్షరం ఉంటుంది, మనకి లేదు. పేరు మామూలు మాటలా కూడా ఉంటే వాక్యంలో కలిసిపోతుంది. ఒక దశలో అసిస్టెంటుని అమ్మాయిగా మార్చి 'ఆశ' అని పెడదామనుకున్నాను. "ఆ ఇంట్లో ఆశ లేదు" అని రాసి చూశాను. అమ్మాయి లేదా, బతుకు మీద ఆశ లేదా? డిటెక్టివ్ కథలో పాఠకుడు ప్రతి వాక్యాన్నీ అనుమానంగానే చదువుతాడు. వాడికి లేని క్లూ ఇచ్చినట్టవుతుంది.

గోపి కూడా ఎక్కువ రోజులు నిలవలేదు. పేరులో తప్పేమీ లేదు, పట్టుకోవడానికే ఏమీ లేదు. ఒకరోజు కాగితం మీద రెండక్షరాల పేర్లు వరసగా రాస్తుంటే 'జోజి' తగిలింది. పైకి అన్నాను. జకారం రెండుసార్లు, మొదట పెద్ద ఓకారం, తర్వాత చిన్న ఇకారం. రాజు లాగే గురువు, లఘువు. "జోజీ!" అని పిలిస్తే గది అవతలికి వినిపిస్తుంది. మామూలు మాటల్లో ఎక్కడా ఇమిడి ఉండదు. జోజికి, జోజిని, జోజితో, ఏ విభక్తి చేర్చినా పేరు చెక్కు చెదరదు.

హీరో పేరు దగ్గర అసలు కష్టం మొదలైంది. జోజికి ఎదురు ఏం కావాలో ఒక వాక్యంలో రాసుకున్నాను: నాలుగక్షరాలు, జకారం ఉండకూడదు, ఓకారం ఉండకూడదు, చివర నోరు మూసుకోవాలి. ఆ చివరి షరతు నాకు ముఖ్యం, ఎందుకంటే నా డిటెక్టివ్ తక్కువ మాట్లాడే మనిషి. 'మార్తాండ్' కొన్నాళ్లు నడిచింది. కానీ పొల్లుతో ముగిసే పేరుకి మన విభక్తులు అతికించడం టైపులో పెద్ద తలనొప్పి. మార్తాండ్‌కి అని కొడితే, మధ్యలో కంటికి కనిపించని విడదీసే గుర్తు పడకపోతే డకారానికి కకారం ఒత్తుగా వెళ్లిపోతుంది. కొన్ని చోట్ల ఒకలా, కొన్ని చోట్ల ఇంకోలా వచ్చి, ఒకే మనిషి పేరు రెండు రూపాల్లో కనిపించేది.

అలా వెతుకుతూ 'పరాంకుశం' దగ్గర ఆగాను. పకారంతో పెదాలు కలిసి విడిపోతాయి, చివర సున్నాతో మళ్లీ కలుస్తాయి. మధ్యలో కకారం పరుషంగా, గట్టిగా ఉంటుంది. తలుపు తీసి, లోపలికి చూసి, మళ్లీ మూసినట్టుంటుంది ఆ పేరు. పక్కన జోజి అంటే నోరు తెరిచే ఉంటుంది. అర్థం కూడా కలిసొచ్చింది. పరులకి, అంటే శత్రువులకి, అంకుశం.

దీనికీ ఒక చిక్కుంది. సున్నాతో ముగిసే పేరుకి 'కి' చేరిస్తే పరాంకుశానికి అవుతుంది. అది వస్తువు గురించి చెప్పినట్టు ఉందని కొంచెం ఇబ్బంది పడ్డాను. పరాంకుశంకి అని రాస్తే మాట్లాడినట్టుంటుంది గానీ, అచ్చులో పంటి కింద రాయిలా తగులుతుంది. చివరికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పేరు వాక్యానికి కర్తగా వచ్చినప్పుడే పూర్తిగా వాడతాను. విభక్తి అవసరమైతే 'ఆయనకి', 'ఆయనతో' అంటాను. జోజి మాత్రం 'అతను'. ఈ రెండు సర్వనామాలు వేరు కావడంతో, ఒకే పేరాలో ఇద్దరూ ఉన్నా ఎవరు తలుపు తీశారో పేరు చెప్పకుండానే తెలిసిపోతోంది. ఇది మన భాష ఇచ్చిన సౌకర్యం, దాన్ని నేను మొదటి ప్రతిలో వాడుకోలేదు. అప్పుడు ఇద్దరినీ 'అతను' అనే రాశాను.

పెద్ద పేరు గుర్తుండదేమో అని భయం వేసింది. అందుకే పిన్నికి కొత్త ప్రతి ఇచ్చి, ఏమీ అడగకుండా వారం ఆగి ఫోన్ చేశాను. "జోజి బాగున్నాడురా" అంది మొదటి మాటే. హీరో పేరు అడిగితే కాస్త ఆగి, "పర... అంకుశం ఏదో ఉంది కదా" అంది. సగం గుర్తుంది. మిగతా సగం కోసం మొదటి పేజీ తిరగరాశాను. అక్కడ ఒక సాక్షి ఆయన పేరుని తప్పుగా, "ప్రశాంతం గారూ" అని పిలుస్తుంది. ఆయన ఏమీ అనడు. జోజి అడ్డుపడి, "పరాంకుశం గారండీ. ఏనుగుని లొంగదీసే అంకుశం ఉంటుంది చూడండి, అది" అంటాడు. పేరు రెండుగా విడిపోయి, ఒక బొమ్మతో కలిసి పాఠకుడి చేతికి వస్తుంది. పైగా ఎవరు మాట్లాడతారో, ఎవరు మాట్లాడరో ఆ మూడు వాక్యాల్లోనే తెలిసిపోతుంది. ఇంకో వారం తర్వాత అడిగితే పిన్ని పూర్తి పేరు తడుముకోకుండా చెప్పింది.

పేర్ల కోసం ఇంత తిప్పలు పడింది నేనొక్కడినే కాదని తర్వాత తెలిసింది. కానన్ డాయిల్ తొలి నోట్సులో హోమ్స్ మొదటి పేరు షెరిన్‌ఫర్డ్. వాట్సన్ స్థానంలో ఉన్న పేరు ఆర్మండ్ సాకర్. 1887లో అచ్చులోకి వచ్చేసరికి వాళ్లు షెర్లాక్ హోమ్స్, జాన్ వాట్సన్ అయ్యారు. షెర్లాక్ అన్న విడ్డూరమైన పేరు పక్కన జాన్ అన్న అతి మామూలు పేరు. ఆర్మండ్ సాకర్ మామూలు పేరేమీ కాదు. అదే ఉండిపోతే ఇద్దరూ విడ్డూరంగానే వినిపించేవాళ్లు, ఎవరి వైపు చూడాలో పాఠకుడికి తెలిసేది కాదు.

జంట కుదిరాక మిగతా పాత్రలన్నిటి మొదటి అక్షరాలూ ఒక కాగితం మీద వరసగా రాసి గోడకి అంటించాను. పకారం, జకారం మీద ఎర్ర గీత. ఎంత చిన్న పాత్రయినా ఆ రెండక్షరాలతో మొదలు కాకూడదు. మొదటి నవలలో పద్మనాభం అనే డాక్టరు ఉండేవాడు. సున్నాతో ముగియడం కూడా కలిసింది కాబట్టి ముందు ఆయన్నే మార్చి రంగారావుని చేశాను. ఇప్పుడు రెండో నవల రాస్తున్నాను. అందులో హంతకుడి పేరు జోసెఫ్ అని మొదటి నుంచీ మనసులో ఉంది. ఆ మనిషి నాకు ఆ పేరుతోనే కనిపిస్తున్నాడు, వదల్లేక రెండు వారాలు మొండికేశాను. మొన్న మొదటి అధ్యాయం పైకి చదువుతుంటే జోజి వచ్చిన చోట నాలుక జోసెఫ్ వైపు జారింది. అక్కడే ఆపి, కొత్త పేరు కోసం మళ్లీ కాగితం తీశాను.